బీపీ బిళ్ళలోనే కొలెస్ట్రాల్ మందు: రెండూ ఒకటైతే ఏం మారుతుంది?

మెడికల్ షాపు కౌంటర్ వెనక నిలబడేవాళ్లకి మనుషులు మందులు ఎలా మానేస్తారో చాలా త్వరగా తెలిసిపోతుంది. ఎవరూ వచ్చి "నేను మానేశానండీ" అని చెప్పరు. చీటీ మీద మూడు మందులుంటాయి, ఆయన రెండే అడుగుతాడు. "కొలెస్ట్రాల్‌ది ఇంట్లో ఇంకా ఉందిలెండి" అంటాడు. నెల క్రితం ఇచ్చిన పది బిళ్ళలు ఇంకా ఉండటం ఎలా సాధ్యమో ఇద్దరికీ తెలుసు.

బీపీ బిళ్ళకి ఈ గతి కొంచెం తక్కువగా పడుతుంది. వేసుకోకపోతే తల బరువుగా ఉందనో, మిషన్ మీద అంకె పెరిగిందనో భయం ఉంటుంది. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్‌కి ఆ భయం కూడా తోడు లేదు. వేసుకున్న రోజు ఏమీ తెలియదు, మానేసిన రోజు కూడా ఏమీ తెలియదు. అందుకే మూడింటిలో ముందు జారిపోయేది అదే. ఆ జారిపోయేదాన్ని జారిపోనిదానికి కట్టేయడమే బీపీ మందు, స్టాటిన్ కలిపిన బిళ్ళ చేసే అసలు పని. దాని వల్ల ఏం బాగుపడుతుందో, ఎక్కడ దెబ్బతింటుందో ఒక మనిషి కథతో చెప్పడం తేలిక.

ఆయనకి 47 ఏళ్లు. విజయవాడ ఆటోనగర్‌లో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో మేనేజరు. ఉదయం ఏడున్నరకి ఇల్లు వదిలితే రాత్రి పదకొండుకి చేరతాడు. పొద్దున కాఫీ తాగాక బీపీకి టెల్మిసార్టన్ 40, ఆమ్లోడిపిన్ 5, రాత్రి అన్నం తిన్నాక అటోర్వాస్టాటిన్ అనే స్టాటిన్ 10 మిల్లీగ్రాములు వేసుకోమని డాక్టరు రాశారు. మొదట్లో చెడ్డ కొలెస్ట్రాల్, అంటే ఎల్‌డీఎల్, 151 ఉండేది. నాలుగు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేయిస్తే 138 వచ్చింది. మందు చాలడం లేదు, డోసు 20కి పెంచాలేమో అన్నారు డాక్టరు గారు.

ఆయన చీటీ పట్టుకుని వచ్చినప్పుడు నేను కంప్యూటర్లో పాత బిల్లులు చూశాను. నాలుగు నెలలంటే 120 రోజులు. పది బిళ్ళల స్ట్రిప్పులు ఒక్కో మందుకి 12 కొనాలి. టెల్మిసార్టన్ 11, ఆమ్లోడిపిన్ 10 కొన్నాడు. అటోర్వాస్టాటిన్ మాత్రం 4. మూడు రోజులకి ఒక బిళ్ళ వేసుకున్నాడన్న మాట. వేరే షాపులో ఏమైనా కొన్నారా అని అడిగితే లేదన్నాడు. "రాత్రిది గుర్తుండదండీ. తినగానే నిద్రొచ్చేస్తుంది" అన్నాడు.

ఇక్కడ ఒక లెక్క తెలిస్తే విషయం సగం అర్థమవుతుంది. స్టాటిన్ డోసు రెట్టింపు చేస్తే ఎల్‌డీఎల్ రెట్టింపు తగ్గదు. అటోర్వాస్టాటిన్ 10 రోజూ వేసుకుంటే ఎల్‌డీఎల్ సుమారు 35 నుంచి 40 శాతం తగ్గుతుంది. దాన్ని 20 చేస్తే అదనంగా తగ్గేది ఇంకో 6 శాతం మాత్రమే. ఆయన విషయంలో రోజూ 10 వేసుకుని ఉంటే 151 కాస్తా 95 దగ్గరికి రావాలి. 138 దగ్గర ఆగిందంటే లోపం డోసులో లేదు, డబ్బాలో మిగిలిపోయిన బిళ్ళల్లో ఉంది. 20 రాసినా మూడు రోజులకి ఒకటే వేసుకుంటాడు కదా.

స్ట్రిప్పుల లెక్క ఒక కాగితం మీద రాసిచ్చి డాక్టరు గారికి చూపించమన్నాను. ఆయన డోసు పెంచలేదు. ఆమ్లోడిపిన్ 5, అటోర్వాస్టాటిన్ 10 కలిసి ఉన్న ఒకే బిళ్ళ రాశారు. టెల్మిసార్టన్ అలాగే విడిగా ఉంచారు. రెండూ పొద్దున కాఫీ తర్వాతే. రాత్రి బిళ్ళ అనేదే లేకుండా పోయింది.

చాలామందికి ఇక్కడ ఒక సందేహం వస్తుంది. కొలెస్ట్రాల్ మందు రాత్రే వేసుకోవాలంటారు కదా, పొద్దున పనిచేస్తుందా అని. ఆ మాట పాత స్టాటిన్ల నుంచి వచ్చింది. లివరు కొలెస్ట్రాల్‌ను ఎక్కువగా తయారుచేసేది రాత్రిపూట. సిమ్వాస్టాటిన్ లాంటి మందు ఒంట్లో కొద్ది గంటలే ఉంటుంది కాబట్టి దాన్ని రాత్రి వేసుకుంటేనే ఆ సమయానికి అందుతుంది. అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ అలా కావు. వాటి ప్రభావం రోజంతా నిలుస్తుంది, ఏ పూట వేసుకున్నా ఫలితం ఒకటే. రోజూ ఒకే పూట వేసుకుంటే చాలు. ఆమ్లోడిపిన్ కూడా అంతే. ఒంట్లోంచి సగం పోవడానికే 30 నుంచి 50 గంటలు పడుతుంది. ఈ రెండూ ఒక బిళ్ళలో అంత బాగా కుదరడానికి కారణం ఈ నిదానమే. ఎప్పుడైనా ఒక రోజు మర్చిపోతే కొంప మునగదు, మర్నాడు మామూలుగా ఒకటి వేసుకుంటే సరిపోతుంది. నిన్నటిది కలిపి రెండు మింగకూడదు.

ఈ ఆలోచన కొత్తది కాదు. 2003లో లండన్‌కి చెందిన నికొలస్ వాల్డ్, మాల్కమ్ లా అనే ఇద్దరు ప్రొఫెసర్లు దీన్ని పెద్ద స్థాయిలో ముందుకు తెచ్చారు. స్టాటిన్, సగం డోసుల్లో మూడు రకాల బీపీ మందులు, ఆస్పిరిన్, ఫోలిక్ యాసిడ్ కలిపి ఒకే బిళ్ళగా 55 దాటిన వాళ్లందరికీ ఇస్తే గుండెపోట్లు, పక్షవాతాలు 80 శాతానికి పైగా తగ్గుతాయని లెక్కగట్టారు. అంత భారీ ఫలితం ఆ తర్వాత ఏ ప్రయోగంలోనూ కనిపించలేదు. కానీ వాళ్లు చెప్పిన ఒక సంగతి నిలిచింది. బీపీ మందు డోసు సగానికి తగ్గిస్తే పనితనం సగం కాదు, ఐదో వంతు మాత్రమే తగ్గుతుంది. సైడ్ ఎఫెక్టులు మాత్రం బాగా తగ్గుతాయి. కాబట్టి ఒకే మందును పెంచుకుంటూ పోవడం కన్నా రెండు మందులు కొంచెం కొంచెంగా కలపడం మేలు. మన ఆటోనగర్ మేనేజరుకి ఆమ్లోడిపిన్ 10కి పెంచకుండా 5 దగ్గరే ఉంచి టెల్మిసార్టన్ తోడు చేయడం వెనక ఉన్నది ఈ లెక్కే.

దీన్ని నిజంగా మనుషుల మీద పరీక్షించడంలో మన హైదరాబాదుకి పెద్ద భాగం ఉంది. డాక్టర్ రెడ్డీస్ ల్యాబొరేటరీస్ తయారుచేసిన "రెడ్ హార్ట్ పిల్" అనే బిళ్ళతో అంపైర్ అనే ప్రయోగం జరిగింది. అందులో ఆస్పిరిన్, సిమ్వాస్టాటిన్, రెండు బీపీ మందులు ఉండేవి. ఇండియాలోనూ, లండన్, డబ్లిన్, యూట్రెక్ట్ నగరాల్లోనూ కలిపి 2,004 మందిని తీసుకున్నారు. సగం మందికి ఈ ఒక్క బిళ్ళ, మిగతా సగానికి మామూలుగా విడివిడి మందులు. సుమారు 15 నెలల తర్వాత చూస్తే కలిపిన బిళ్ళ తీసుకున్న వాళ్లలో 86 శాతం మంది మందులు సక్రమంగా వాడుతున్నారు, విడివిడిగా తీసుకున్న వాళ్లలో 65 శాతం. ఈ ఫలితాలు 2013లో వచ్చాయి.

ఇంత తేడా ఉంటే బీపీ, కొలెస్ట్రాల్ కూడా బాగా తగ్గి ఉండాలి కదా? తగ్గింది చాలా కొంచెం. రెండు గుంపుల మధ్య పై బీపీలో తేడా 2.6 పాయింట్లు, ఎల్‌డీఎల్‌లో 4 చిల్లర. చాలామంది ఇక్కడే ఆగి, ఈ బిళ్ళ వల్ల పెద్ద లాభం లేదని తేల్చేశారు. నాకు మాత్రం ఆ ప్రయోగంలో అన్నిటికన్నా విలువైన అంకె ఇంకోచోట కనిపిస్తుంది. అందులో చేరిన వాళ్లు చాలామంది అప్పటికే మందులు సరిగ్గా వేసుకుంటున్నవాళ్లు. వాళ్లకి బిళ్ళల సంఖ్య తగ్గినా కొత్తగా పెరిగే మందేమీ లేదు. చేరే ముందు సరిగ్గా వేసుకోని వాళ్లను విడిగా తీసి చూస్తే, కలిపిన బిళ్ళ మీద 77 శాతం మంది దారిలోకి వచ్చారు. పాత పద్ధతిలోనే ఉండిపోయిన వాళ్లలో 23 శాతం మందే వచ్చారు.

అంటే ఈ బిళ్ళ వల్ల మేలు ఎవరికో ముందే చెప్పొచ్చు. పది గంటలకి పొద్దుటి మందు, తొమ్మిదికి రాత్రి మందు అలారం పెట్టుకుని వేసుకునే రిటైర్డ్ మాస్టారికి ఇది సౌకర్యం మాత్రమే. మూడు రోజులకి ఒక స్టాటిన్ వేసుకునే మేనేజరుకి ఇది నిజమైన వైద్యం. అమెరికాలో ఒక ఆరోగ్య బీమా సంస్థ సభ్యుల రికార్డులు చూసినప్పుడు, బీపీ మందు, స్టాటిన్ రెండూ మొదలుపెట్టిన వాళ్లలో మూడు నెలలకే రెండింటినీ సరిగ్గా వాడుతున్నవాళ్లు 45 శాతం దగ్గర ఉన్నారు, ఏడాదికి 36 శాతం దగ్గరికి దిగారు. వదిలేయడం ఎక్కువగా మొదటి మూడు నెలల్లోనే జరిగిపోతోంది. పట్టుకోవాలన్నా అప్పుడే పట్టుకోవాలి.

ఇక ఆస్పిరిన్ సంగతి. మొదటి తరం బిళ్ళల్లో చాలావరకు అది ఉండేది. గుండెపోటు వచ్చిన వాళ్లకీ, స్టెంట్ వేసిన వాళ్లకీ ఆస్పిరిన్ వేరే మాట. ఇంతవరకు అలాంటిదేమీ రాని మనిషికి ఆస్పిరిన్ వల్ల కలిగే మేలు తక్కువ, కడుపులోనో తలలోనో రక్తస్రావం అయ్యే ముప్పు మాత్రం ఉంది. అందుకే ఇప్పుడు బీపీ, కొలెస్ట్రాల్ మాత్రమే ఉన్న వాళ్లకి ఆస్పిరిన్ లేని కలయికనే రాస్తున్నారు. మన షాపుల్లో అటోర్వాస్టాటిన్, ఆస్పిరిన్ కలిసిన క్యాప్సూల్ బాగా అమ్ముడవుతుంది. అది కూడా "కలిపిన బిళ్ళే" కాబట్టి, పక్కింటాయన వేసుకుంటున్నాడని అదే ఇవ్వమని అడిగేవాళ్లు ఉంటారు. అందులో బీపీ మందు ఉండదు, అక్కర్లేని ఆస్పిరిన్ ఉంటుంది. పేరు కాకుండా కూర్పు చూడాల్సింది ఇందుకే.

కూర్పు చూడకపోతే ఏమవుతుందో మన మేనేజరు కథలోనే తెలిసింది. బిళ్ళ మారిన మూడు వారాలకి ఆయన షాపుకి వచ్చి, చెప్పు విప్పి కాలు చూపించాడు. సాక్సు అంచు పడిన చోట చీలమండ చుట్టూ లోతుగా గీత పడి ఉంది. పైన వేలితో నొక్కితే గుంట పడి మెల్లగా నిండింది. కుర్చీలోంచి లేస్తే కళ్లు తిరుగుతున్నాయన్నాడు. బీపీ చూస్తే 108/70.

"ఇంట్లో మందులు ఎవరు తీసిస్తారండీ?" అని అడిగాను.

"మా ఆవిడ. వారానికి ఒకసారి డబ్బాలో సర్దేస్తుంది."

ఫోన్ చేసి డబ్బాలో ఏమేం ఉన్నాయో ఆవిడనే చదవమన్నాం. టెల్మిసార్టన్ ఉంది. కొత్త బిళ్ళ ఉంది. పాత ఆమ్లోడిపిన్ కూడా ఉంది. "కొలెస్ట్రాల్‌కి కొత్త బిళ్ళ ఇచ్చారు" అని ఈయన ఇంట్లో చెప్పాడట. ఆవిడ ఆ మాట ప్రకారం రాత్రి వేసే పాత కొలెస్ట్రాల్ బిళ్ళ తీసేసి, దాని బదులు ఇది పెట్టింది. ఆవిడ చేసిన దాంట్లో తప్పేమీ లేదు. కొత్త దాంట్లో బీపీ మందు కూడా ఉందని ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఇచ్చేటప్పుడు పాత ఆమ్లోడిపిన్ స్ట్రిప్పులు వెనక్కి తెమ్మని నేనూ అనలేదు. ఆ బాధ్యత నాది.

ఈయన మూడు వారాలుగా రోజూ 10 మిల్లీగ్రాముల ఆమ్లోడిపిన్ మింగుతున్నాడు. ఆమ్లోడిపిన్‌తో కాళ్ల వాపు డోసును బట్టి వస్తుంది. 5 మీద వందలో ముగ్గురికి వస్తే, 10 మీద పదకొండు మందికి వస్తుంది. ఆడవాళ్లకి ఇంకా ఎక్కువ. ఇది కిడ్నీ పాడై వచ్చే వాపు కాదు. సన్నని ధమనులు వదులై నీరు కిందికి దిగడం వల్ల వస్తుంది. అది తెలియక, వాపు తగ్గడానికి నీరు పోయే బిళ్ళ అడిగి ఇంకో మందు నెత్తికెత్తుకునే వాళ్లున్నారు. ఈయన డాక్టరు గారికి ఫోన్ చేసి, ఆయన చెప్పినట్టు విడి ఆమ్లోడిపిన్ ఆపేశాడు. రెండు వారాల్లో గీత పోయింది, కళ్లు తిరగడమూ ఆగింది.

ఇలాంటి డబుల్ మోతాదు మన దగ్గర జరగడానికి దారులు చాలా ఉన్నాయి. ఒకే మందుకి కంపెనీకో పేరు. పేరు చివర ఏటీ అనో, ఏఎం అనో, హెచ్ అనో రెండక్షరాలు తగిలిస్తారు. ఏఎం అంటే చాలావరకు ఆమ్లోడిపిన్, హెచ్ అంటే హైడ్రోక్లోరోథయాజైడ్ అనే నీరు పోయే మందు, బీపీ బిళ్ళల మీద ఏటీ అంటే చాలావరకు అటెనొలాల్ అనే ఇంకో బీపీ మందు. కొన్ని కంపెనీలు అదే అక్షరాన్ని ఇంకో అర్థంలో వాడతాయి కాబట్టి దాన్ని నమ్ముకోకూడదు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇచ్చే బీపీ బిళ్ళ చాలాసార్లు ఆమ్లోడిపినే. అది వాడుతూ ప్రైవేటు డాక్టరు రాసిన కలయిక బిళ్ళ కొంటే ఇదే కథ. స్ట్రిప్పు వెనక సన్న అక్షరాల్లో ప్రతి మందు పేరు, పక్కన మిల్లీగ్రాములు ఉంటాయి. ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ టేబుల్ మీద పరిచి, ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకుని చదివితే, ఒకే పేరు రెండుచోట్ల కనిపిస్తుందో లేదో ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

కలిపి కట్టడంలో ఉన్న రెండో ఇబ్బంది విడదీయలేకపోవడం. తొడలు, భుజాలు లాగుతున్నాయని ఒకావిడ బిళ్ళ మానేసిందనుకోండి. స్టాటిన్ వల్లే నొప్పులని ఆమె అనుమానం. అది నిజం కావచ్చు, కాకపోవచ్చు. మానింది స్టాటిన్ అనుకుంటుంది కానీ దాంతోపాటు బీపీ మందు కూడా ఆగిపోయింది. విడిగా ఉన్నప్పుడు ఒకటి జారితే ఒకటి నిలిచేది, ఇప్పుడు రెండూ ఒకేసారి జారతాయి. క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ వాడాల్సి వచ్చినప్పుడూ ఇదే చిక్కు. అది ఒంట్లో అటోర్వాస్టాటిన్ మోతాదును పెంచుతుంది కాబట్టి ఆ వారం స్టాటిన్ ఆపమని చెప్పొచ్చు. బీపీ మందు మాత్రం డాక్టరు చెప్పకుండా ఆపకూడదు. బిళ్ళను కత్తితో సగం చేస్తే రెండు మందులూ సగం అవుతాయి తప్ప ఒకటి మిగలదు. ఇలాంటప్పుడు కొన్నాళ్లు విడి బిళ్ళలకి వెనక్కి వెళ్లడమే దారి. ఆ మార్పు డాక్టరుతో మాట్లాడి చేయాలి. గర్భం దాల్చే ఆలోచన ఉన్న ఆడవాళ్లకైతే స్టాటిన్ గురించీ, టెల్మిసార్టన్ లాంటి వాటి గురించీ ముందే చెప్పి మందులు మార్పించుకోవాలి.

అందుకే ఈ బిళ్ళను మొదటి రోజే రాయడం కన్నా, విడి మందులతో డోసు కుదిరాక మార్చడం మంచిదని నా అభిప్రాయం. బీపీ ఇంకా 160 దగ్గర ఊగుతున్న మనిషికి రెండు వారాలకోసారి ఏదో ఒకటి మార్చాల్సి వస్తుంది. అప్పుడు కట్టు అడ్డం. కొందరు డాక్టర్లు ఇది ఒప్పుకోరు. మొదటి మూడు నెలల్లోనే సగానికి పైగా జారిపోతున్నారు కదా, డోసు కుదిరేదాకా ఆగితే మనిషే ఉండడంటారు. అదీ బలమైన మాటే. తక్కువ డోసుల కలయికతో మొదలుపెట్టడానికి 2019లో అమెరికాలోని అలబామాలో జరిగిన ప్రయోగం మంచి ఆధారం. అందులో అటోర్వాస్టాటిన్ 10తో పాటు ఆమ్లోడిపిన్ 2.5, లోసార్టన్ 25, హైడ్రోక్లోరోథయాజైడ్ 12.5 కలిపి ఒకే బిళ్ళగా ఇచ్చారు. ఎక్కువమంది ఆదాయం తక్కువున్నవాళ్లు. ఏడాది తర్వాత వాళ్లకి పై బీపీ 9 పాయింట్లు తగ్గింది, మామూలు వైద్యం మీద ఉన్నవాళ్లకి 2.

ఇది గుండెపోట్లనే తగ్గిస్తుందా అన్న ప్రశ్నకి టిప్స్-3 అనే ప్రయోగం జవాబిచ్చింది. 5,713 మందిలో దాదాపు సగం మంది భారతీయులే. సిమ్వాస్టాటిన్, మూడు బీపీ మందులు ఉన్న బిళ్ళ వేసుకున్న వాళ్లలో నాలుగున్నరేళ్లలో గుండెపోటు, పక్షవాతం లాంటివి 4.4 శాతం మందికి వచ్చాయి, ఉత్తుత్తి బిళ్ళ వేసుకున్న వాళ్లలో 5.5 శాతం మందికి. వంద మందిలో ఒకరు తప్పించుకున్నారు. ఆ ప్రయోగం చివరికి వచ్చేసరికి 40 శాతానికి పైగా మంది బిళ్ళ ఆపేశారు, ఆ ఆపేసిన వాళ్లను కూడా కలుపుకున్న లెక్క ఇది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇలాంటి కలయికలను అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది.

మన మేనేజరు కొత్త బిళ్ళ మొదలుపెట్టి మూడు నెలలు దాటాక పరీక్ష చేయించాడు. ఎల్‌డీఎల్ 97. బీపీ 128/80. డోసు పెంచలేదు. 90 రోజులకి తొమ్మిది స్ట్రిప్పులకి గాను తొమ్మిదీ కొన్నాడు.

పోయిన నెల ఆయన వచ్చిన రోజు ఆ బిళ్ళ మా దగ్గర లేదు. డిస్ట్రిబ్యూటరు దగ్గర కూడా నాలుగు రోజులు రాదన్నారు. విడి బిళ్ళలతో పోలిస్తే కలయికలకి ఈ కొరత ఎక్కువ. ఆయన పర్సులోంచి మడిచిన కాగితం తీశాడు. దాని మీద ఆవిడ చేతిరాతతో "ఆమ్లోడిపిన్ 5, అటోర్వాస్టాటిన్ 10, టెల్మిసార్టన్ 40" అని ఉంది, కంపెనీ పేరు లేదు. "ఇవే విడివిడిగా ఒక్కో స్ట్రిప్పు ఇవ్వండి, మూడూ పొద్దునే వేసుకుంటాను" అన్నాడు. డాక్టరు గారికి ఫోన్ చేసి సరే అనిపించుకుని ఇచ్చాను. పది రోజుల తర్వాత కలయిక బిళ్ళ కోసం వచ్చినప్పుడు, విడి స్ట్రిప్పులు మూడూ ఖాళీవి తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు.